గిరిజన మతాల వరసలో అన్నీ ఖాళీ గళ్లే ఎందుకు?

గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటి అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది. మతాల పరిచయం అని ఒక పేపరు ఉందట, దానికి వ్యాసం రాసుకు రమ్మన్నారట. ఒక సాయంత్రం నోట్సు పట్టుకుని మా వరండాలోకి వచ్చి కూర్చుంది. రాయడం మొదలుపెట్టే ముందు తన కోసం ఒక పట్టిక గీసుకుంది. పైన ఆరు శీర్షికలు: మతం పేరు, స్థాపకుడు, పవిత్ర గ్రంథం, పుట్టిన కాలం, ప్రార్థనా స్థలం, ఎంతమంది ఉన్నారు. క్రైస్తవం, ఇస్లాం, బౌద్ధం వరసలు చకచకా నిండిపోయాయి. హిందూ మతం దగ్గర స్థాపకుడి గడిలో ఒక గీత, పుట్టిన కాలం గడిలో ఇంకో గీత. చివరి వరసలో ‘గిరిజన మతాలు’ అని రాసి, పక్కనంతా గీతలే పెట్టింది. ప్రార్థనా స్థలం గడిలో మాత్రం పెన్సిల్‌తో ‘ప్రకృతి’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

“బాబాయ్, వీళ్లకి ఏమీ లేదని రాస్తే మార్కులు పోతాయి కదా. మరేం రాయాలి?”

పుస్తకంలో చెప్పినట్టే గీసింది కాబట్టి ఆ పిల్లని తప్పు పట్టలేం. ఎవరు గీసినా ఆ వరస అలాగే వస్తుంది. ఎందుకు అలా వస్తుందో తెలిస్తే ఆమె వ్యాసం సగం అయిపోయినట్టే. ఆ రోజు వరండాలో మొదలైన మాటల్నే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

పట్టిక ఎక్కడినుంచి వచ్చింది

‘ప్రపంచ మతాలు’ అనే మాట మనకి ఎప్పటినుంచో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ దాని వయసు నూట యాభై ఏళ్ల చిల్లరే. 19వ శతాబ్దం చివర యూరప్ పండితులు మతాలను వర్గాలుగా విడగొట్టడం మొదలుపెట్టారు. వాళ్లలో డచ్చి పండితుడు కార్నెలిస్ టీలె పేరు ముఖ్యంగా చెప్పుకోవాలి. ఆయన లెక్క సూటిగా ఉంటుంది. ఒక జాతికీ ఒక దేశానికీ పరిమితం కాకుండా ఎవరైనా చేరగలిగే మతాలు ఒక రకం, తమ జనంతోనే ఉండిపోయేవి ఇంకో రకం. మొదటి రకంలో ఆయనకి కనిపించినవి మూడే: బౌద్ధం, క్రైస్తవం, ఇస్లాం. అంటే పుట్టుకలోనే ఈ వర్గానికి గీటురాయి ప్రయాణం. పుట్టిన చోటు వదిలి బయటికి వెళ్లగలిగిందా లేదా అన్నదే ప్రశ్న.

తర్వాత జాబితా పెరిగింది. హిందూ మతం, యూదు మతం, కన్ఫ్యూషియస్ మతం వచ్చి చేరాయి. టీలె గీటురాయి ప్రకారం వీటికి అందులో చోటు ఉండకూడదు. వీటికి పెద్ద గ్రంథాలున్నాయి, కోట్ల జనమో చాలా పాత చరిత్రో ఉంది, కాబట్టి బయట పెట్టడం కుదరలేదు. గీటురాయి మారింది, మార్చామని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఈ కథనంతా తొమోకో మసుజావా అనే పరిశోధకురాలు 2005లో వివరంగా తవ్వి తీశారు.

మనవాళ్లకి బాగా తెలిసిన ఒక సంఘటనలో ఈ పట్టిక చెవులకే వినిపిస్తుంది. 1893లో షికాగోలో సర్వమత సభ జరిగింది. వివేకానందుడి ప్రసంగం గురించి బడిలో చదవనివాళ్లం లేము. ఆ సభ మొదలైనప్పుడు గంట పదిసార్లు మోగించారు, పది మతాలకి పది సార్లు. ఆ పదింటిలో షింటో ఉంది, జైనం ఉంది, జొరాస్ట్రియన్ మతం ఉంది. సభ జరిగిన నేల అసలు ఎవరిదో ఆ అమెరికా ఆదివాసుల మతానికి మాత్రం గంట మోగలేదు. అప్పటికి పదేళ్ల ముందే, 1883లో, అమెరికా ప్రభుత్వం ఆదివాసుల రిజర్వేషన్లలో వాళ్ల సంప్రదాయ నృత్యాలనీ, మంత్రవైద్యులు చేసే క్రతువులనీ నేరాల జాబితాలో పెట్టింది. ఒకచోట నేరమైనది ఇంకోచోట వేదిక మీద మతంగా కూర్చోవడం ఎలాగూ కుదరదు.

అమరావతి నుంచి చూస్తే

ప్రయాణించే మతం అంటే ఏమిటో తెలుసుకోవడానికి మేం ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. గుంటూరు నుంచి బస్సెక్కితే గంట, గంటన్నరలో అమరావతి. అక్కడి మహాస్తూపం ఇప్పుడు దాదాపు ఒక మట్టి దిబ్బ. దాని సున్నపురాతి ఫలకాలు కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. అయినా బౌద్ధానికి ఏమీ కాలేదు. కృష్ణ ఒడ్డున ఆరిపోయిన దీపం శ్రీలంకలో, టిబెట్‌లో, జపాన్‌లో వెలుగుతూనే ఉంది. 2006 జనవరిలో దలైలామా అదే అమరావతికి వచ్చి కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఇక్కడి నుంచి పోయిన మతం హిమాలయాలు దాటి తిరిగి వచ్చిందన్నమాట.

నాగార్జునకొండ సంగతి ఇంకా విచిత్రం. నాగార్జునసాగర్ కడితే లోయ మునుగుతుందని 1954 నుంచి ఆరేళ్లు తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాల్లో కొన్నింటిని ఊడదీసి కొండ మీదా అనుపు దగ్గరా మళ్లీ కట్టారు. ఇప్పుడు లాంచీ ఎక్కి వెళ్లి చూసేది ఆ మళ్లీ కట్టినవే. రాళ్లు జాగ్రత్తగా తరలించారు కాబట్టి వారసత్వం దక్కిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఈ ఊపిరి పీల్చుకోవడం వెనక ఒక నమ్మకం ఉంది. మతం అనేది బోధలో ఉంటుంది, గ్రంథంలో ఉంటుంది, మనిషి మనసులో ఉంటుంది. కట్టడం దాని పాత్ర లాంటిది, ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు వంచినట్టు మార్చుకోవచ్చు. తిరుమల శ్రీనివాసుడి కల్యాణం అమెరికాలో ఏదో ఊళ్లో హాలు తీసుకుని చేస్తే అక్కడివాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెడతారు. అది కల్యాణం కాదని ఎవరూ అనరు.

ఇప్పుడు ఆ నీళ్లే చెంబు అయితే ఏం చేస్తారు?

నియమగిరి

విజయవాడ నుంచి విజయనగరం వెళ్లి, అక్కడ రాయపూర్ వైపు లైను పట్టుకుంటే ఒడిశాలో రాయగడ వస్తుంది. మజ్జిగౌరమ్మ దర్శనానికి మనవాళ్లు చాలామంది వెళ్తుంటారు, బజారులో తెలుగు మాట్లాడితే సరిపోతుంది. అదే లైను మీద ఇంకాస్త ముందుకెళితే మునిగుడ. అక్కడికి పడమటి దిక్కున కనిపించే కొండల వరసే నియమగిరి. వంశధారకి నీళ్లిచ్చే వాగులు ఆ కొండల్లో పుడతాయి. శ్రీకాకుళం పొలాలకి పారే నీళ్లలో నియమగిరి వాటా ఉంది.

ఆ కొండల మీద డొంగ్రియా కొంధులు ఉంటారు, పదివేలకి అటూ ఇటూ. డొంగర్ అంటే కొండ. మాట్లాడేది కువి, తెలుగు లాగే ద్రావిడ భాష. దేవుణ్ణి ‘పెను’ అంటారు. ఊరి మధ్యలో నాటిన రాళ్ల దగ్గర ధరణి పెను, అంటే భూదేవి, ఉంటుంది. పూజ చేసే ‘జాని’ ఉంటాడు, పూనకంలో దేవతలతో మాట్లాడే ‘బెజుని’ ఉంటుంది, ఆమె ఆడమనిషే. కొండంతటికీ రాజు నియమరాజు. ఎలా బతకాలో, ఏ చెట్టు కొట్టకూడదో, ఎక్కడ పోడు చేయకూడదో నియమం పెట్టినవాడు ఆయనే. కొండ శిఖరాల మీది అడవిని వాళ్లు కొట్టరు. ఆయన కొండ మీద ఉంటాడు అన్నా, ఆ కొండే ఆయన అన్నా వాళ్లకి పెద్ద తేడా లేదు.

ఆ శిఖరాల కిందే అల్యూమినియం తీసే ఖనిజం, బాక్సైట్ ఉంది, ఏడు కోట్ల టన్నులకు పైగా అని అంచనా. కొండ నెత్తిమీద టోపీలా పరుచుకున్న ఆ బాక్సైట్ పొర వాన నీటిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది, అందుకే ఎండాకాలంలోనూ వాగులు పారతాయి. అంటే తవ్వాల్సిన పొరా, వాగుల్ని బతికించే పొరా, నియమరాజు ఉండే చోటూ మూడూ ఒకటే. కింద లాంజీగఢ్‌లో వేదాంత కంపెనీ అల్యూమినా కర్మాగారం కట్టింది. ఒడిశా మైనింగ్ కార్పొరేషన్‌తో కలిసి పైన తవ్వాలన్నది పథకం. 2010లో ఎన్.సి. సక్సేనా కమిటీ నివేదిక తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి ఇవ్వలేదు. కార్పొరేషన్ సుప్రీంకోర్టుకి వెళ్లింది.

2013 ఏప్రిల్ 18న తీర్పు వచ్చింది. మన వ్యాసానికి కావలసిన అసలు సరుకు అందులో ఉంది. నియమరాజుని కొలిచే హక్కుకి తవ్వకం వల్ల భంగం కలిగితే ఆ హక్కుని కాపాడాల్సిందేనని కోర్టు అంది. భంగం కలుగుతుందో లేదో తేల్చాల్సింది ఎవరు? మామూలుగా మన కోర్టులు మత విషయం వస్తే గ్రంథాలు తిప్పుతాయి, ఇది ఆ మతానికి అత్యవసరమైన ఆచారమా కాదా అని చూస్తాయి. ఇక్కడ తిప్పడానికి గ్రంథం లేదు. పిలిచి అడగడానికి మఠాధిపతి లేడు. అందుకని కోర్టు గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకి అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టాన్నీ, 2006 నాటి అటవీ హక్కుల చట్టాన్నీ ఆధారం చేసుకుని, ఆ ప్రశ్నని గ్రామసభల ముందు పెట్టమంది. మూడు నెలల్లో తేల్చమంది. జిల్లా జడ్జిని పరిశీలకుడిగా కూర్చోబెట్టింది.

ఒక మతంలో ఏది ముఖ్యమో ఊరు ఊరంతా కూర్చుని చెప్పడం మనకి అలవాటైన పద్ధతి కాదు. బైబిల్లో ఏముందో ఫలానా ఊరివాళ్లు ఓటేసి చెప్పరు. కానీ చోటుతో పుట్టిన మతానికి ఆ చోట బతికేవాళ్ల మాటే ప్రమాణం, ఇంకొకరి దగ్గర ఆ జ్ఞానం ఉండదు. గ్రంథం ఉన్న మతాల కోసం తయారైన న్యాయపద్ధతి ఇక్కడ పనిచేయదని కోర్టుకి అర్థమైనట్టే ఉంది. దారి మాత్రం మత స్వేచ్ఛ చెప్పే రాజ్యాంగ అధికరణాల్లో ఒక్కచోటే దొరకలేదు, భూమి చట్టాలతో కలిపి వెతికితే దొరికింది.

అయినా పాత అలవాటు ఒక వాక్యంలో బయటపడింది. నియమరాజు నివాసం హుండాల్‌జాలి దగ్గరి శిఖరమనీ, తవ్వే చోటు అక్కడికి 10 కిలోమీటర్లు ఉంటుందనీ, అంత దూరంలో తవ్వితే దేవుడి నివాసానికి ఇబ్బందా అన్నది కూడా గ్రామసభలు చూడవచ్చనీ తీర్పులో ఉంది. ఈ ప్రశ్నని ఒకసారి నెమ్మదిగా చదవండి. ఇందులో దేవుడికి ఒక చిరునామా ఉంది, చుట్టూ ఎంత ఖాళీ వదిలితే చాలునో లెక్క ఉంది. గుడికి వంద మీటర్లలోపు మద్యం దుకాణం పెట్టకూడదు అన్నట్టు. గుడి అనే ఊహ తెచ్చి కొండ మీద పెడితే ఇలాంటి ప్రశ్నే పుడుతుంది. ఆ కొండ మీదివాళ్లకి శిఖరం ఒక చుక్క కాదు, వాగులూ అడవీ పోడూ కలిసి ఒకే రాజ్యం. మన వేలు కోసి, గుండెకి దూరమే కదా అని అడిగినట్టు ఉంటుంది వాళ్లకి.

సభలు జరపడానికి ఒడిశా ప్రభుత్వం 12 ఊళ్లని ఎంచింది, రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు. కొండల చుట్టూ వందకి పైగా ఊళ్లు ఉండగా 12 మాత్రమే ఏమిటని అప్పుడే గొడవ జరిగింది. అది న్యాయమైన అభ్యంతరమే. దేవుడు అందరివాడైనప్పుడు, ఎవరి ఊరు తవ్వకానికి దగ్గరో వాళ్లనే అడగడం కూడా మళ్లీ ఆ కిలోమీటర్ల లెక్కే. 2013 జులైలో మొదటి సభ, ఆగస్టు 19న చివరిది. పన్నెండుకి పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతిని పూర్తిగా తిరస్కరించింది. గ్రామసభలు మళ్లీ జరపాలని 2016లో కార్పొరేషన్ సుప్రీంకోర్టుని అడిగితే కోర్టు ఒప్పుకోలేదు.

ఓడిపోయిన కేసు ఒకటి

నియమగిరి గెలిచిన కథ కాబట్టి అంతా బాగానే ఉందనిపిస్తుంది. అదే రకం వాదన ఓడిపోయిన కేసుని పక్కన పెట్టి చూస్తే పట్టిక ఎక్కడ బిగుసుకుంటుందో తెలుస్తుంది.

కాలిఫోర్నియా ఉత్తర కొసన యురోక్, కరుక్, టొలోవా అనే ఆదివాసీ జనాలున్నారు. సిక్స్ రివర్స్ జాతీయ అడవిలో ఎత్తైన ఒక ప్రాంతాన్ని వాళ్లు పవిత్రంగా చూస్తారు, ఇంగ్లీషులో దాన్ని హై కంట్రీ అంటారు. అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు, జాతర జరగదు. వైద్యం చేయడానికీ క్రతువు నడపడానికీ కావలసిన శక్తి కోసం కొద్దిమంది ఒంటరిగా పైకెళ్లి, నిశ్శబ్దంలో గడిపి, తెచ్చుకున్న శక్తిని కింద నది ఒడ్డున ఊళ్లలో జరిగే నృత్యాల్లో వాడతారు. లోకం మళ్లీ సరిగ్గా నిలబడాలని చేసే నృత్యాలు అవి. కింద నాట్యం చూసే వందల మందిలో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా పైకి వెళ్లరు, వెళ్లకూడదు కూడా. కానీ పైన నిశ్శబ్దం చెడితే కింద నాట్యం ఒట్టి గంతులే.

అటవీ శాఖ గాస్కే, ఓర్లియన్స్ అనే రెండు ఊళ్లని కలుపుతూ రోడ్డు వేస్తూ వచ్చింది. మధ్యలో ఆరు మైళ్ల ముక్క మిగిలింది, అది ఈ ప్రాంతంలోంచే పోవాలి. శాఖ తానే ఒక అధ్యయనం చేయించింది. 1979లో వచ్చిన ఆ నివేదిక రోడ్డు వేస్తే పవిత్ర ప్రాంతాలకి తీరని నష్టం జరుగుతుందని, వేయొద్దని చెప్పింది. శాఖ వినలేదు. క్రతువులు జరిగే చోట్లకి వీలైనంత దూరంగా రోడ్డు గీశాం కదా అంది. మళ్లీ చుక్కలూ దూరాలూ.

1988లో అమెరికా సుప్రీంకోర్టు 5–3 తేడాతో ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ శాండ్రా డే ఓకానర్ నష్టం లేదని అనలేదు. ఈ రోడ్డు వల్ల వాళ్ల మతాచరణ దాదాపు నాశనమైపోయినా సరే, రాజ్యాంగం అడ్డు రాదని చెప్పారు. ఎందుకంటే ప్రభుత్వం వాళ్లని ఫలానాది నమ్మమని బలవంతం చేయడం లేదు, నమ్మినందుకు శిక్షించడం లేదు. తన భూమిలో తాను రోడ్డు వేసుకుంటోంది, అంతే. విభేదించిన జస్టిస్ బ్రెనన్ దానికి ఘాటుగా బదులిచ్చారు: ఇలాగైతే ఆదివాసులకి మిగిలే స్వేచ్ఛ తమ మతం నాశనమవుతుందని నమ్ముకునే స్వేచ్ఛ మాత్రమే.

ఓకానర్ తర్కంలో మోసం లేదు, ద్వేషం కూడా లేదు. మతం అంటే మనసులో నమ్మకం, దాన్ని ఎక్కడైనా ఆచరించుకోవచ్చు అన్న నిర్వచనం నుంచి చూస్తే ఆ తీర్పు సరిగ్గానే వస్తుంది. క్రైస్తవుడికి ఒక చర్చి పక్కన రోడ్డు పడితే ఇంకో చర్చి ఉంది. ప్రపంచ మతాల పట్టిక ఒక చదువుల వ్యవహారం మాత్రమే కాదనీ, దాని శీర్షికలే చట్టంలో గీటురాళ్లుగా మారతాయనీ చూపించడానికి నాకు ఈ కేసుని మించిన ఉదాహరణ కనపడదు. ఆ ఆరు మైళ్ల రోడ్డు చివరికి పడలేదు. 1990లో అమెరికా కాంగ్రెస్ ఆ ముక్కని కూడా రక్షిత అడవిలో కలిపేసింది. అంటే ఆ చోటుని కాపాడింది మత స్వేచ్ఛ కాదు, అడవి చట్టం.

మనకీ పుణ్యక్షేత్రాలున్నాయి కదా

ఇక్కడికి వచ్చేసరికి మా పక్కింటి అమ్మాయి అడ్డుపడింది. “కాశీ లేదా? మక్కా లేదా? మన ఇంద్రకీలాద్రి లేదా? కీలుడు తపస్సు చేసి కొండయ్యాడనీ, అందుకే అమ్మవారు ఆ కొండ మీద ఉందనీ కదా చెప్తారు. అదీ చోటుతో ముడిపడిందే కదా బాబాయ్.”

మంచి ప్రశ్న. నా జవాబు ఒక చిన్న పరీక్ష రూపంలో చెప్పాను: ఆ చోటు పోతే ఏమవుతుంది? యెరూషలేంలో యూదుల దేవాలయం క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో కూలిపోయింది. బలులు జరగాల్సిన ఒకే ఒక్క చోటు అది. దెబ్బ సామాన్యమైనది కాదు. కానీ రబ్బీలు అనే యూదు మతగురువులు గ్రంథాన్నీ ప్రార్థననీ పట్టుకుని ఎక్కడికెళ్తే అక్కడ మతాన్ని నిలబెట్టారు. చోటు మీద దుఃఖం ఉండిపోయింది, మతమూ ఉండిపోయింది. మక్కా వైపు తిరిగి నమాజు ఎక్కడినుంచైనా చేయొచ్చు. కనకదుర్గమ్మ పటం హైదరాబాదు ఫ్లాటు గోడ మీదా అమ్మవారే. వీటన్నిటికీ పవిత్రమైన చోట్లు ఉన్నాయి, వాటిని మోసుకుపోయే సాధనాలు కూడా ఉన్నాయి. నియమగిరిని మోసుకుపోయే సాధనం లేదు. అమెరికా ఆదివాసీ ఆలోచనాపరుడు వైన్ డెలోరియా 1970లలోనే ఈ తేడాని పట్టుకున్నాడు. పెద్ద మతాలు అడిగేది ఎప్పుడు జరిగింది అని, తమవాళ్లు అడిగేది ఎక్కడ జరిగింది అని. పట్టికలో ‘పుట్టిన కాలం’ గడి ఖాళీగా ఉండటానికి కారణం అదే. అక్కడ అడగాల్సిన ప్రశ్నే వేరు.

అయితే హిందూ మతం వరస అంత సాఫీగా నిండదని కూడా చెప్పాలి. మా అమ్మగారి ఊళ్లో, తెనాలి వైపు, బొడ్రాయి ఉంది. ఊరి నడిమధ్య నేలలో పాతిన రాయి, పైకి జానెడు కనిపిస్తుంది, పసుపూ కుంకుమలతో గట్టు కట్టి ఉంటుంది. బొడ్రాయి ప్రతిష్ఠ జరిగినప్పుడు పొలిమేరలు కట్టేస్తారు, బయటివాళ్లని రానివ్వరు, ఊరివాళ్లని దాటనివ్వరు. అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లలందర్నీ పిలుస్తారు. మేం విజయవాడలో ఫ్లాటు కొన్నప్పుడు వెంకన్న పటం తీసుకెళ్లాం, సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. బొడ్రాయిని ఎవరైనా తీసుకెళ్తారా? పక్కూరి బొడ్రాయికి మన ఊళ్లో పనేమిటి? అది ఆ ఊరి బొడ్డు. ఊరు పోతే అదీ పోతుంది. జనాభా లెక్కల్లో హిందూ అని రాయించుకునే మనలోనే ఒక పాయ ప్రయాణిస్తుంది, ఒక పాయ కదలదు. పట్టిక ఈ రెండింటినీ ఒకే గడిలో కుక్కి మొదటిదాన్నే చూపిస్తుంది.

కొత్త గడి కూడా గడే

ఇంతవరకూ విని, సరే, ‘స్థలాధారిత మతాలు’ అని ఇంకో వర్గం పెట్టేస్తే సరిపోతుంది కదా అనుకోవడం సహజం. నాకు దాని మీద కూడా కొంచెం అనుమానమే.

జనాభా లెక్కల కథ చూడండి. బ్రిటిష్‌వాళ్లు ఆదివాసుల్ని ‘యానిమిస్టులు’, అంటే చెట్టూ పుట్టా అన్నిటిలో ఆత్మ ఉందని నమ్మేవాళ్లు, అన్నారు, 1931లో ‘గిరిజన మతాలు’ అన్నారు. స్వతంత్రం వచ్చాక 1951 లెక్కల నుంచి ఆ గడి లేదు. ఇప్పుడున్నవి ఆరు మతాలకి ఆరు గళ్లు, తర్వాత ‘ఇతర మతాలు, విశ్వాసాలు’. 2011లో ఆ చివరి గడిలో సుమారు 79 లక్షల మంది ఉన్నారు. వాళ్లలో 49 లక్షలకి పైగా తమ మతం ‘సర్నా’ అని రాయించారు. సర్నా అంటే ఊరి పక్కన కొట్టకుండా వదిలిన సాల వృక్షాల తోపు. 2020లో జార్ఖండ్ శాసనసభ జనాభా లెక్కల్లో సర్నాకి విడిగా కోడ్ ఇవ్వాలని తీర్మానం చేసింది. గడి లేకపోతే ఉనికి లేదు కాబట్టి అడగడంలో న్యాయం ఉంది. కానీ ఒక ఊరి తోపు పేరు లక్షల మంది ఉమ్మడి మతం పేరుగా మారగానే అది కూడా ప్రయాణం మొదలుపెట్టినట్టే. పట్టికలో చేరాలంటే పట్టిక అడిగిన ఆకారంలోకి రావాలి మరి.

నియమగిరిలోనూ కొంచెం అలాగే జరిగింది. ఊళ్లో రోజువారీ క్రతువులన్నీ తిరిగేది ధరణి పెను రాళ్ల చుట్టూ. బయటి ప్రపంచానికీ కోర్టు కాగితాలకీ ముఖ్యంగా తెలిసింది నియమరాజు. పేరున్న ఒక దేవుడు, ఆయనకో నివాసం, ఆయన్ని కొలిచే హక్కు: ఇది చట్టానికి అర్థమయ్యే భాష. డొంగ్రియాలు అబద్ధం చెప్పారని కాదు, ఎదుటివాడికి అర్థమయ్యే ముక్కని ముందు పెట్టారు. ఎవరైనా అదే చేస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చోటుతో ముడిపడిన మతం అనగానే, మారకుండా అక్కడే కూర్చుని ఉండాలని మనం ఆశిస్తాం. డొంగ్రియా యువకుడు మునిగుడ సంతకి అనాస పళ్లు అమ్మడానికి వచ్చి సెల్‌ఫోన్ రీచార్జి చేయించుకుంటే, ఇంకెక్కడి ఆదివాసీ అనేస్తాం. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి పొద్దున్నే కోటప్పకొండ ఎక్కి దిగి యార్డులో ఫోను పట్టుకుంటే ఆయన భక్తిని మాత్రం ఎవరూ శంకించరు. ‘స్థలాధారిత’ అన్న మాట వాడేటప్పుడు ఈ రెండో తూకంరాయి చేతిలోకి రాకుండా చూసుకోవాలి.

వారం తర్వాత ఆ అమ్మాయి వ్యాసం చూపించింది. పట్టిక ఉంచింది, కానీ ‘స్థాపకుడు’ గడి కొట్టేసి దాని మీద ‘ఆ చోటు పోతే?’ అని రాసింది. చివరి వరసలో ‘గిరిజన మతాలు’ అన్న మాట కూడా కొట్టేసింది. దాని కింద డొంగ్రియా కొంధులు, నియమగిరి అని ఒక వరస, యురోకులు, హై కంట్రీ అని ఇంకో వరస. ఆ తర్వాత ఇంకెన్ని వరసలు గీయాలో అర్థం కాక, పేజీ అడుగున స్కేలు పెట్టి గీతలు కిందికి లాగి వదిలేసింది.